చెక్కు తిరిగొచ్చాక నీ చేతిలో ఉండే పదిహేను రోజులు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఇచ్చిన రెండు లక్షల చెక్కు తిరిగొచ్చిందని, అవతలివాళ్లు లాయర్ నోటీసు పంపుతున్నారని రాశావు. పోస్ట్‌మ్యాన్ వస్తే తీసుకోవద్దని స్నేహితులు చెప్పారట. ఆ మాట వినకు. సరైన చిరునామాకు వచ్చిన రిజిస్టర్డ్ నోటీసును కాదని పంపేసినా, అది అందినట్టే కోర్టు లెక్కేస్తుంది. తీసుకోకపోతే అందులో ఏముందో నీకు తెలియదు, గడువు మాత్రం నడిచిపోతుంది.

బ్యాంకులో ఉన్నన్నాళ్లూ ఎన్నో రిటర్న్ మెమోలు చూశాను. సంతకం కలవకపోవడం, అంకెల్లో ఒకటీ అక్షరాల్లో ఒకటీ రాయడం, తేదీ వేసి మూడు నెలలు దాటిపోవడం ఇలా కారణాలు చాలా ఉంటాయి. నీ విషయంలో మాత్రం డబ్బు చాలలేదు. ఆ ఉదయమే ఈఎంఐ కట్ అయి ఖాతాలో లక్షా తొంభై రెండు వేలే మిగిలాయన్నావు. ఎనిమిది వేలే కదా తక్కువ అనుకోకు. బ్యాంకు ఉన్నంతవరకు ఇచ్చి మిగతాది ఆపదు, చెక్కు మొత్తాన్నీ తిప్పి పంపుతుంది. ముందే స్టాప్ పేమెంట్ ఇచ్చి, అంటే ఈ చెక్కుకు డబ్బివ్వొద్దని బ్యాంకుకు చెప్పి ఉంటే బయటపడేవాణ్ణి అన్నావు కానీ, నిజంగా బాకీ ఉన్నప్పుడు అలా చేసినా చెక్కు బౌన్స్ కేసే పెట్టవచ్చు.

ఇప్పుడు తేదీలు చూసుకో. చెక్కు తిరిగొచ్చినట్టు తెలిసిన 30 రోజుల్లోపు వాళ్లు నోటీసు పంపాలి. అది నీకు జూన్ 20న అందిందనుకో, జూలై 5 దాకా నీకు 15 రోజులు. ఆలోపు రెండు లక్షలూ కట్టేస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద నేరమే ఏర్పడదు. సగం కట్టి మిగతాది తర్వాత అంటే కుదరదు. గడువు దాటితే వాళ్లకు కోర్టుకు వెళ్లడానికి నెల రోజులుంటాయి. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం కట్టమని కోర్టు అనవచ్చు. చెక్కు బాకీ కోసమే ఇచ్చావని చట్టం ముందే అనుకుంటుంది, కాదని చూపించాల్సింది నువ్వే. రాజీ పడడానికి మాత్రం ఏ దశలోనైనా వీలుంది.

కట్టినట్టు రుజువు నీ చేతిలో ఉండాలి, అందుకే నగదు ఇవ్వకు. వాళ్ల ఖాతాకే ట్రాన్స్‌ఫర్ చెయ్యి, వివరాల్లో చెక్కు నంబరు రాయి. డబ్బు ముట్టినట్టు రాతపూర్వకంగా రసీదు తీసుకుని, పాత చెక్కు వెనక్కి అడుగు. డబ్బు సర్దుబాటు కాకపోతే పదో రోజుకల్లా నాకు ఫోన్ చెయ్యి, పద్నాలుగో రోజు దాకా ఆగొద్దు.

మీ పెదనాన్న