సీతమ్మను నిప్పుల్లోకి వెళ్లమని ఎవరన్నారు?

ప్రశ్న: "మా అమ్మమ్మ అగ్నిపరీక్ష ఘట్టం వింటూ చేతులు జోడిస్తుంది. అదే ఘట్టం వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఒకే కథ ఇద్దరికీ ఇంత వేరుగా ఎలా వినిపిస్తోంది?"

మీరిద్దరూ వింటున్నది ఒకే కథ కాదు, అసలు కారణం అదే. మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. చైత్రమాసం వస్తే ఒక వీధిలో తెలుగు పురాణం, ఇంకో వీధిలో ఒడియా రామలీల, రెండూ చూస్తూ పెరిగాను. ఈ ఘట్టం వచ్చేసరికి కథ చెప్పేవాళ్లు ఎక్కడ గొంతు తగ్గిస్తారో, ఏ శ్లోకాలు దాటేస్తారో గమనించడం చిన్నప్పటి నుంచీ అలవాటు.

ముందు వాల్మీకిలో ఏముందో చెప్తాను. గీతా ప్రెస్ ప్రతిలో యుద్ధకాండ 115, 116 సర్గలు చూడండి, కొన్ని ప్రతుల్లో ఈ సంఖ్యలు మారతాయి. రావణుడు చచ్చాక సీతను తీసుకొస్తే రాముడు అన్న మాటలు చాలా కఠినం. ఈ యుద్ధం నీ కోసం చేయలేదు, నా వంశానికి వచ్చిన అపవాదు పోగొట్టుకోవడానికి చేశాను అన్నాడు. కళ్ల జబ్బు ఉన్నవాడికి దీపం ఎలాగో నువ్వు నాకు అలా ఉన్నావన్నాడు. పది దిక్కులూ ఉన్నాయి, ఎటైనా పో అన్నాడు. అంతటితో ఆగకుండా లక్ష్మణుడు, భరతుడు, సుగ్రీవుడు, విభీషణుడు, వీళ్లలో ఎవరి దగ్గర ఉంటావో ఉండు అని కూడా అన్నాడు. అయితే నిప్పులో దూకి నిరూపించుకో అని మాత్రం ఎక్కడా అనలేదు. చితి పేర్చమని లక్ష్మణుడికి చెప్పింది సీతే. ఈ కష్టానికి అదే మందు అంది. దానికి ముందు రాముడికి ఇచ్చిన జవాబు చూడండి: మామూలు మగవాడు మామూలు ఆడదానితో మాట్లాడినట్టు నాతో ఈ మాటలేమిటి, నా చేతిలో ఉన్నది నా మనసు, అది నీ దగ్గరే ఉంది, ఒళ్లు పరాధీనమైనప్పుడు నేనేం చేయగలను? అంటే ఒంటికి జరిగినదానికి నేను బాధ్యురాలిని కాను అని నిండు సభలో మొహం మీదే చెప్పింది.

అది విన్న లక్ష్మణుడు కోపంగా అన్న మొహంలోకి చూశాడు, అన్న కనుసన్న చూసి మాట్లాడకుండా చితి పేర్చాడు. ఆమె మంటల్లోకి వెళ్తుంటే అక్కడున్న ఆడవాళ్లంతా కేకలు పెట్టారు. కాబట్టి ఈ ఘట్టం చూసి బాధపడటం, కోపం తెచ్చుకోవడం ఈనాటి వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు, కథలోనే ఉంది.

మరి అమ్మమ్మకి ఆ మాటలన్నీ ఎందుకు వినపడలేదు? మా వీధి రామమందిరంలో పురాణం చెప్పిన పంతులుగారు ఇక్కడికి వచ్చేసరికి శ్లోకాలు గబగబా చదివి, "స్వామి లోకం కోసం నాలుగు నిష్ఠూరాలు ఆడాడమ్మా" అని ఒక్క ముక్కలో అర్థం చెప్పేసి, అగ్నిదేవుడు సీతమ్మను ఒళ్లో పెట్టుకుని తెచ్చిన దగ్గర ఆగి అరగంట వర్ణించేవారు. మాలలో పువ్వు వాడలేదు, చీర అంచు కమలలేదు అంటుంటే ముందు వరసలో మామ్మలు కళ్లు తుడుచుకునేవారు. ఆయన ఎవరినీ మోసం చేయలేదు, ఆయనకు ముందు తులసీదాసూ అలాగే చేశాడు, కొన్ని దుర్వాదాలు పలికాడని చెప్పి ముందుకు వెళ్లిపోయాడు. భక్తితో వినేవాళ్లకి రాముడి నోట ఆ మాటలు వినడం ప్రాణసంకటం.

ఆ సంకటానికి వాళ్లు కనిపెట్టిన పెద్ద ఉపాయం ఛాయాసీత. అధ్యాత్మ రామాయణంలో రావణుడు రాకముందే అసలు సీత అగ్నిలో దాక్కుంటుంది, లంకకు పోయింది నీడ మాత్రమే. చివర్లో నీడ మంటల్లోకి వెళ్తే అసలు సీత బయటికి వస్తుంది. మా అమ్మ నమ్మింది ఇదే. "సీతమ్మని వాడు ముట్టుకోనేలేదు, ఇంక పరీక్షేమిటి" అనేది. ఆమెకు అది పెద్ద ఊరట, నేను కాదనను. కానీ దాని ఖరీదు చూడండి. అశోకవనంలో ఏడ్చింది నీడ అయితే ఆ ఏడుపుకి విలువేం మిగిలింది? ఒంటి మీద నాకు అధికారం లేనప్పుడు నేనేం చేయను అన్న మాట ఎవరిదవుతుంది? ఆమెకు మచ్చ రాకుండా కాపాడే తొందరలో ఆమె నోట్లో మాట తీసేశారు. అంతకన్నా నాకు నచ్చనిది, రావణుడు ముట్టుకుని ఉంటే సీత తప్పే అన్న లెక్క అందులో అలాగే ఉండిపోవడం.

పాతవాళ్లంతా ఇలా సర్దుకోలేదు. దాదాపు 8వ శతాబ్దంలో భవభూతి రాసిన ఉత్తరరామచరితంలో జనకుడు మండిపడతాడు, నా కూతుర్ని శుద్ధి చేయడానికి ఈ అగ్ని ఎవడు అంటాడు. మన చలం ఇంకా దూరం వెళ్లాడు, ఆయన నాటకంలో సీత రాముడిని కాదని రావణుడి చితిలో దూకుతుంది. ఇద్దరిదీ కోపమే. జనకుడి కోపం కథ లోపల ఉండి రాముడిని నిలదీస్తుంది, చలం సీత రాముడినే వదిలేస్తుంది. పాత, కొత్త పాఠకుల మధ్య అసలు గీత నాకు ఇక్కడ కనిపిస్తుంది.

ఇప్పటి ఆడపిల్లల కోపానికి ఇంకో కారణం ఉంది. ఈ ఘట్టం పుస్తకంలో ఆగిపోదు. మా జిల్లాల నుంచి మగవాళ్లు సూరత్‌కో హైదరాబాద్‌కో పనికి పోతారు, వెనక ఉన్న ఇల్లాలి మీద ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. మా బంధువుల్లో ఒకామెను అలాగే గుళ్లో కర్పూరం ఆర్పి ప్రమాణం చేయమన్నారు. "సీతమ్మంతటి తల్లికే తప్పలేదు" అని ఒక పెద్దాయన అన్నాడు. అప్పుడు వాళ్ల మామ్మ, ఏళ్ల తరబడి పురాణం విన్న మనిషి, లేచి "సీతమ్మని ఎవరూ దూకమనలేదు నాయనా, ఆవిడ మనసు విరిగి దూకింది, నా మనవరాలి మనసు విరగ్గొడతారా?" అంది. ప్రమాణం జరగలేదు. ఏ స్త్రీవాద పుస్తకమూ చదవని మనిషి ఆమె. అందుకే మీ అమ్మమ్మ చేతులు జోడించడం చూసి ఆమె దేనికి దణ్ణం పెడుతోందో మీరే తేల్చేయకండి, అడగండి.

రాముడి సంజాయిషీ 118వ సర్గలో ఉంది. పరీక్షించకుండా తీసుకుంటే లోకం నన్ను కాముకుడు, మూర్ఖుడు అంటుంది, మూడు లోకాలూ నమ్మాలని ఆమె మంటల్లోకి వెళ్తుంటే చూస్తూ ఊరుకున్నాను అన్నాడు. భక్తులకి ఇది చాలు. నాకు చాలదు, ఎందుకంటే ఆ లోకం నమ్మలేదు. ఉత్తరకాండలో అయోధ్య జనం మళ్లీ అదే మాట అన్నారు, రాముడు నిండు చూలాలిని అడవికి పంపాడు. ఏళ్ల తర్వాత సభలో శపథం చేయమని ఈసారి రాముడే అడిగించాడు. ఆమె భూమిని పిలిచి లోపలికి వెళ్లిపోయింది, ఇంక తిరిగి రాలేదు. మా రామమందిరంలో పురాణం పట్టాభిషేకంతోనే ఆపేస్తారు. మీ అమ్మమ్మ విన్న చోట కూడా అక్కడే ఆపి ఉంటే, మీకు కోపం తెప్పించిన కథలో సగం ఆమె చెవిన పడి ఉండదు.