తుప్పు పట్టి చట్రానికి అతుక్కుపోయిన డ్రైనేజీ మూతను ఎత్తడం

ప్రశ్న: మా ఇంటి వెనక మురుగు కాలువ పరిశీలన గుంతకు పోత ఇనుప మూత ఉంది. చాలా ఏళ్లుగా తెరవలేదు. చట్రమంతా తుప్పు పట్టింది. లిఫ్టింగ్ కీలు కొన్నాను, ఇద్దరం కలిసి లాగినా కదలలేదు. గడ్డపారతో అంచు దగ్గర మీటితే వస్తుందా?

జవాబు:

గడ్డపారను అంచులో దూర్చకండి. నేను సరిగ్గా అదే చేసి చట్రం మూల విరగ్గొట్టాను. పోత ఇనుము వంగదు, ముందస్తు సూచనేమీ లేకుండా పెళుసుగా విరుగుతుంది. గడ్డపార మొన ఆనేది చట్రానికి ఉన్న సన్నని పెదవి మీద. మీ బలమంతా వేలెడంత చోట పడుతుంది. నా గడ్డపార కింద అరచేతిలో సగమంత ముక్క ఊడి గుంతలో పడింది, మూత మాత్రం అంగుళం కూడా లేవలేదు.

అసలు మిమ్మల్ని ఆపుతున్నది మూత బరువు కాదు. నా మూత 60 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు. పోత ఇనుము ఘన సెంటీమీటరుకు దాదాపు 7.2 గ్రాములు తూగుతుంది. 1 సెంటీమీటరు మందమున్న పలక ఒక్కటే 19 కిలోల పైన వస్తుంది, కింది వైపు పట్టీలు కలిస్తే ఇంకా పెరుగుతుంది. తర్వాత తూచి చూస్తే 38 కిలోలు ఉంది. ఒక చివర మాత్రమే లేపితే అందులో సగం, అంటే 19 కిలోలు. ఇద్దరు మనుషులకు అదొక లెక్క కాదు. పట్టి ఉంచేది తుప్పే. ఇనుము తుప్పుగా మారినప్పుడు రెండింతలకు మించి ఉబ్బుతుంది. మూతకూ చట్రానికీ మధ్య వెంట్రుకవాసి సందులో అది ఉబ్బి, నాలుగు వైపులా మేకులు కొట్టినట్టు బిగుసుకుంటుంది. ముందు ఆ పట్టు వదిలించాలి, ఎత్తడం ఆ తర్వాతి పని.

మొదటి రోజు నేను ఎత్తే ప్రయత్నమే చేయలేదు. మూత చుట్టూ ఉన్న సందును పాత స్క్రూడ్రైవరుతో గీకాను. మట్టి, గడ్డి వేళ్లు, పొరలు పొరలుగా తుప్పు వచ్చాయి. సందు లోపల లోహం తగిలేదాకా గీకి, వైరు బ్రష్షుతో రుద్ది, దుమ్ము ఊదేశాను. ఇక్కడే ఆగి మూత మీద పగుళ్లున్నాయేమో చూడండి. మట్టి పోయాక పగులు సన్నని నల్ల గీతలా కనిపిస్తుంది. అలాంటిది ఉంటే కీతో లాగకండి, మూత రెండుగా విడిపోయి గుంతలో పడవచ్చు. పగులు లేకపోతే సందు పొడవునా తుప్పు వదిలించే నూనె పోసి, చెక్క దిమ్మ అడ్డం పెట్టి అంచుల దగ్గర సుత్తితో చిన్న దెబ్బలు వేస్తూ రెండు చుట్లు తిరగండి. సుత్తిని నేరుగా ఇనుము మీద వేయవద్దు. ఆ అదురుకు నూనె లోపలికి దిగుతుంది. సాయంత్రం మరోసారి నూనె పోసి రాత్రంతా వదిలేయండి. మంట పెట్టి వేడి చేయాలని, గ్రైండరుతో కోయాలని ఎవరైనా చెబితే వినకండి. గుంతలో మండే వాయువు చేరి ఉండవచ్చు.

కీ రంధ్రాలకు కూడా ఓపిక కావాలి. వాటిలో మట్టి రాయిలా గట్టిపడి ఉంటుంది. కీ అడుగున ఉండే అడ్డ కడ్డీ రంధ్రంలోంచి కిందికి దిగి, పావు వంతు తిప్పినప్పుడు మూత అడుగుకు బల్లపరుపుగా ఆనాలి. సగం దిగిన కీ చేతికి బిగుతుగానే అనిపిస్తుంది, గట్టిగా లాగగానే జారిపోతుంది. తిప్పాక కీని కాస్త అటూ ఇటూ ఊపి చూడండి. బాగా పట్టినప్పుడు అది నిటారుగా నిలుస్తుంది. ఒక పక్కకు ఒరుగుతుంటే తీసి రంధ్రాన్ని మళ్లీ శుభ్రం చేయండి.

ఇప్పుడు మీట సంగతి. మీరు చేసినట్టు ఇద్దరూ పైకి లాగడం నాకు నచ్చని పద్ధతి. నడుము వంచి లాగుతుండగా మూత హఠాత్తుగా వదిలితే వెనక్కి పడతారు, లేదా అది తిరిగి కాలి మీద పడుతుంది. నేను మందమైన గోడ ఉన్న ఇనుప పైపు వాడాను, పొడవు 180 సెంటీమీటర్లు, బరువు 6 కిలోలు. మూత పొట్టి అంచు మధ్యలో ఉన్న రంధ్రంలో కీ బిగించి, కీ పిడికి ఉన్న మూసిన వలయంలో పైపు కొనను దూర్చాను. పైపును మూత మీదుగా అడ్డంగా పక్కకు తెచ్చి, కీకి 36 సెంటీమీటర్ల దూరంలో, అంటే మూత అంచు దాటి బయట, గట్టి చెక్క దిమ్మ మీద ఆనించాను. దిమ్మ కింద వెడల్పాటి పలక వేశాను, లేకపోతే నేల దిగబడుతుంది. దిమ్మను మూత మీద మాత్రం పెట్టకండి. అలా పెడితే ఎంత బలం పైకి లాగుతుందో అంతా తిరిగి మూతనే కిందికి నొక్కుతుంది.

దిమ్మకు అవతల పైపు 144 సెంటీమీటర్లు ఉంటుంది, కీ వైపు 36. అంటే నాలుగింతలు. అవతలి కొన మీద 1 కిలో వేస్తే కీ దగ్గర 4 కిలోలు పైకి లాగుతుంది. పైపు సొంత బరువే కీ దగ్గర 9 కిలోల లాగుడునిస్తుంది. తుప్పు పట్టు లేకపోతే మిగతా 10 కిలోలకు కొన మీద రెండున్నర కిలోలు చాలు. ఈ లెక్క ముందే తెలిసి ఉండటం వల్ల నాకు చాలా మేలు జరిగింది, ఎంత బరువు దాటితే అది తుప్పు పనో వెంటనే తెలిసింది.

కొనకు చేతి బలం వాడకుండా బకెట్టు వేలాడదీసి అందులో ఇసుక పోశాను. మనిషి లాగుడు కుదుపులుగా ఉంటుంది, ఒక కుదుపుకు కీ విరగవచ్చు, మూత పగలవచ్చు. బకెట్టు లాగుడు నిలకడగా ఉంటుంది, చేతులు ఖాళీగా ఉంటాయి. బకెట్టు కింద నేల మీద ఒక చెక్క అడ్డం పెట్టి, అది 12 సెంటీమీటర్లకు మించి దిగకుండా చూశాను. అప్పుడు మూత 3 సెంటీమీటర్లకు మించి లేవదు. పైపుకు ఎదురుగా, దాని మీదికి ముఖం వంచి నిలబడకూడదు. కీ జారితే పైపు ఎగిరి పడుతుంది.

బకెట్టు, ఇసుక కలిపి 15 కిలోలయ్యాయి. కీ దగ్గర దాదాపు 69 కిలోలు. అయినా కదలలేదు. ఇక్కడ చాలామంది ఇసుక పెంచుతారు. నేను పెంచకుండా, ఆ లాగుడు అలాగే ఉంచి ఇంకో చెక్క దిమ్మ అడ్డం పెట్టి మూత అంచుల చుట్టూ సుత్తితో కొట్టడం మొదలుపెట్టాను. ఒకవైపు నిలకడగా లాగుతుంటే, మరోవైపు అదురు తుప్పును కొంచెం కొంచెంగా పొడి చేస్తుంది. మొదట మూత, చట్రం, నేల ఒకే ముద్ద అన్నట్టు మొద్దు చప్పుడు వచ్చింది. ఇరవై నిమిషాలకు కీ ఉన్న వైపు చప్పుడు కాస్త ఖంగుమంది. వంగకుండా పక్కనుంచి చూస్తే, గోధుమరంగు తుప్పు మధ్యలో దారమంత నల్ల గీత తెరుచుకుంది. ఆ గీతలో నూనె పోస్తే అది పైన నిలవకుండా లోపలికి ఇంకిపోయింది. మరి కాసేపటికి టక్కుమని చప్పుడైంది, బకెట్టు చెక్క మీద కూర్చుంది.

ఆ గీత ఎక్కడ తెరుచుకుంటుందో గమనించడమే ఈ పనిలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది. మూతకూ చట్రానికీ మధ్య తెరుచుకుంటే సరైన దారిలో ఉన్నారు. చట్రానికీ చుట్టూ ఉన్న సిమెంటుకూ మధ్య పగులు వస్తే వెంటనే బకెట్టు దించేయండి. తుప్పు పట్టు ఇంకా వదలలేదు, చట్రమే నేలలోంచి ఊడి వస్తోందని అర్థం. మళ్లీ నూనె, మరో రాత్రి. రెండు మూడు సార్లకూ అలాగే అయితే చట్రాన్ని మార్చడానికి సిద్ధపడి మేస్త్రీని పిలవడం మంచిది. ఇసుక 20 కిలోలు దాటించడం నాకు ఇష్టం లేదు, అప్పటికే కీ మీద దాదాపు 90 కిలోలు పడుతున్నాయి. మీ కీ తయారీదారు ఇంకా తక్కువ పరిమితి చెప్పి ఉంటే దాన్నే పాటించండి.

మూత లేచిన క్షణంలో వేళ్లు కింద పెట్టవద్దు. పొడవాటి చెక్క ముక్కను బయటినుంచి తోసి అంచు మధ్యలో సందులో నిలపండి. రెండో చివర కూడా ఇలాగే విడిపించి అక్కడా ఒక ముక్క పెట్టండి. తర్వాత రెండు పొడవాటి బలమైన పలకలను మూత కింద చెరో పక్కగా, గుంత మీదుగా ఇటు నుంచి అటు దూర్చి, వాటి మీద మూతను దించి, ఇద్దరూ చెరో కీ పట్టుకుని జరుపుతూ పక్కకు తీసుకెళ్లండి. ఎత్తి మోయకండి. గుంత దగ్గర నిటారుగా అసలు నిలబెట్టకండి. దీర్ఘచతురస్రం మూత నిలువుగా తిరిగితే గుంత మూల నుంచి మూలకు ఉన్న దూరంలోంచి సులువుగా లోపలికి జారిపోతుంది.

తెరిచాక కాసేపు దూరంగా ఉండండి. తల లోపలికి వంచవద్దు, దిగడం ఊహలోకి కూడా రానివ్వవద్దు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువ మోతాదులో ముక్కును మొద్దుబారుస్తుంది, వాసన ఆగిందంటే ప్రమాదం పోయిందని కాదు. ఏదైనా లోపల పడితే పొడవాటి కొక్కెంతో తీయండి. పని సగంలో ఇంట్లోకి వెళ్లాల్సి వచ్చినా గుంతను తెరిచి వదలకండి, పిల్లలుంటే మరీను. ఇంకొక మాట, ఆ మూత మీ స్థలంలో కాకుండా వీధిలో ఉంటే అది స్థానిక సంస్థది, వాళ్లే తెరవాలి.

మూసేముందు చట్రం ఆనుడు గట్టును, మూత అంచును వైరు బ్రష్షుతో లోహం కనపడేలా రుద్ది గ్రీజు పూయండి. తీసేటప్పుడు మూతకూ చట్రానికీ సుద్దతో ఒకే వైపు గుర్తు పెట్టుకుని ఉంటే, అదే దిశలో సరిగ్గా కూర్చుంటుంది. నేను ఆరు నెలల తర్వాత అదే పైపు, అదే దిమ్మ పెట్టి మళ్లీ తెరిచాను. బకెట్టుతో కలిపి మూడు కిలోలు కాగానే మూత లేచింది.