జ్యూరీ అడిగిన ప్రశ్నతో పోర్ట్‌ఫోలియో పేజీ మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పోర్ట్‌ఫోలియోను, దానితోపాటు పరీక్షకులు డిజైన్‌ను చూసి ప్రశ్నలడిగే జ్యూరీ రోజున నీ స్నేహితురాలు రాసిపెట్టిన నోట్సును ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చదివాను. ఖమ్మంలో శాఖా గ్రంథాలయం కోసం నువ్వు చేసిన డిజైన్ గురించి ఆ నోట్సులో ఉన్న విషయం చాలావరకు పోర్ట్‌ఫోలియోలోకి రాలేదు. అందులో పదకొండు బొమ్మలు ఉన్నాయి, అన్నీ శ్రద్ధగా గీసినవే. అయితే పఠన మందిరం ఉత్తరానికి ఎందుకు తిరిగింది, పడమటి గోడకు కిటికీలు ఎందుకు లేవు అన్న ప్రశ్నలకు వాటిలో ఏ ఒక్కటీ జవాబు చెప్పదు. జ్యూరీలో షీట్ల పక్కన నువ్వు నిలబడి ఉన్నావు కాబట్టి బొమ్మ చెప్పలేనిదాన్ని నీ మాట చెప్పింది. పోర్ట్‌ఫోలియో ఒక ఆఫీసులో ఎవరి బల్ల మీదనో తెరుచుకున్నప్పుడు ఆ మాట తోడుండదు. అందుకే జ్యూరీ షీట్లను కుదించి పేజీలుగా అమర్చడం కాకుండా, జ్యూరీలో జరిగిన సంభాషణనే పేజీలుగా మార్చాలని చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఆ నోట్సును మళ్ళీ చదువు. అందులోని వ్యాఖ్యలన్నీ ఒక రకానివి కావు. 'ముఖద్వారం ఇంకా గంభీరంగా ఉండాలి' అన్నది ఒకరి అభిరుచి; దాన్ని వదిలేయవచ్చు. 'మధ్యలో ఒక ముంగిలి పెట్టి చూడు' అన్నది పరిష్కారం రూపంలో వచ్చిన సూచన. అది ఏ ఇబ్బందిని చూసి ఇచ్చిన సూచనో వెతికి పట్టుకున్న తరువాతే దానికి విలువ ఉంటుంది. ఇక మూడవ రకం, 'సాయంత్రం నాలుగున్నరకు ఈ హాలులో ఎవరు కూర్చోగలరు?' అన్న ప్రశ్న. నీ డిజైన్‌ను మలుపు తిప్పినది ఇదే. స్థలానికి పడమటి వైపున రోడ్డు ఉంది కాబట్టి, దారిన పోయేవారికి చదువుకునే మనుషులు కనబడాలన్న ఉద్దేశంతో మొదటి ప్లాన్‌లో పఠన మందిరాన్ని రోడ్డు వెంబడి, నిలువెత్తు అద్దాలతో పెట్టావు. అది మంచి ఉద్దేశమే. కాని బడి వదిలాక పిల్లలు వచ్చే వేళా, పడమటి ఎండ నేరుగా లోపలికి దూరే వేళా ఒకటేనని ఆ ప్రశ్న బయటపెట్టింది. నీ ప్రాజెక్టుకు మొదటి పేజీ ఆ ప్రశ్నతోనే మొదలవ్వాలి. పేజీ పైన ప్రశ్నను ఒక్క వాక్యంలో, అడిగిన మాటల్లోనే రాయి. దాని కింద ఏ మెరుగూ దిద్దకుండా పాత ప్లాన్‌ను పెట్టు. పాత ప్లాన్‌ను దాచిపెడితే కొత్త ప్లాన్ దేనికి జవాబో చదివేవారికి అర్థం కాదు.

రెండవ పేజీయే అసలు పేజీ. దీని మీద ఎక్కువ సమయం పెట్టమని నా సలహా. జ్యూరీ తరువాత నువ్వు ట్రేసింగ్ పేపరు మీద, భవనాన్ని నిలువుగా కోసి చూపినట్టు వేసిన మూడు సెక్షన్‌లు నీ దగ్గరే ఉన్నాయి, కాని వాటిలో ఒక్కదాన్నీ పోర్ట్‌ఫోలియోలో పెట్టలేదు. ఆ మూడింటినీ ఒకే స్కేలులో, ఒకే దిక్కు నుంచి చూస్తున్నట్టుగా, పక్కపక్కనే గీయి. మొదటి దానిలో పఠన మందిరం పడమటనే ఉంటుంది, కిటికీల మీద చజ్జా వస్తుంది. ఖమ్మం దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి, ఏప్రిల్ నడుమ సాయంత్రం నాలుగున్నరకు సూర్యుడు దాదాపు నేరుగా పడమటన, నేలకు సుమారు 27 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మీటరున్నర ఎత్తు కిటికీకి ఆ కోణంలో పూర్తిగా నీడ పడాలంటే చజ్జా సుమారు 3 మీటర్లు బయటికి రావాలి. అదే కిటికీ దక్షిణపు గోడకు ఉంటే ఏప్రిల్ మిట్టమధ్యాహ్నపు ఎండకు మనం మామూలుగా వేసే 600 మిల్లీమీటర్ల చజ్జా చాలు. ఈ రెండు కోణాలనూ సెక్షన్ మీద రెండు గీతలుగా చూపిస్తే, పడమటి ఎండను చజ్జాతో ఎందుకు ఆపలేమో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

రెండవ సెక్షన్‌లో నువ్వు నిలువు పలకలు వేసి చూశావు. ఇక్కడ చాలామంది విద్యార్థులు 'పడమటికి నిలువు పలకలు' అని పాఠంలో ఉన్న వాక్యాన్ని రాసి ఊరుకుంటారు. సూర్యుడు గోడకు ఎదురుగా ఉన్నప్పుడు గోడకు లంబంగా నిలబెట్టిన పలకల మధ్య నుంచి ఎండ నేరుగా లోపలికి వస్తుంది. పలకలను ఏటవాలుగా తిప్పితే ఎండ ఆగుతుంది, కాని రోడ్డు మీద నుంచి లోపలి మనుషులు కనబడరు. ఏ ఉద్దేశంతో హాలును పడమట పెట్టావో ఆ ఉద్దేశమే పోతుంది. ఈ మాట నువ్వు సొంతంగా రాసుకున్న నోట్సులో ఒక మూల చిన్న అక్షరాలతో ఉంది. నా దృష్టిలో ఈ ప్రాజెక్టు మొత్తంలో నీ ఆలోచన బాగా కనబడే చోటు అదే. దాన్ని సెక్షన్ కిందికి, చదవగలిగేంత పెద్ద అక్షరాలతో తీసుకురా.

మూడవది నువ్వు ఎంచుకున్నది. హాలు ఉత్తరానికి తిరిగింది, మెట్లు, మరుగుదొడ్లు, పుస్తకాల నిల్వ గది పడమటి గోడ వెంట వరుసగా చేరి ఎండను తమ మీద వేసుకున్నాయి. ఇక్కడ వ్యాఖ్య రాసేటప్పుడు లాభం ఒక్కటే చెప్పి ఆగవద్దు, నష్టాన్నీ చెప్పు. ఇప్పుడు నువ్వు రాసినది 'ఉత్తరపు వెలుతురుతో ఆహ్లాదకరమైన పఠన మందిరం' అని. ఈ వాక్యాన్ని ఏ ఊరి ఏ గ్రంథాలయం బొమ్మ కిందనైనా పెట్టవచ్చు. ఇది నీ భవనం గురించి ఏమీ చెప్పడం లేదనడానికి అదే గుర్తు. దాని బదులు ఇలా రాయి: 'బడి వదిలిన తరువాత వచ్చే పిల్లల కోసం హాలును ఉత్తరానికి తిప్పాను. దానివల్ల రోడ్డు వైపు కిటికీలు లేని గోడ మిగిలింది. ఆ లోటు తీర్చడానికి వార్తాపత్రికలు చదివే వరండాను రోడ్డు పక్కన పెట్టాను, ఎందుకంటే పత్రికల కోసం వచ్చేవారు ఉదయం వస్తారు, ఉదయం పడమటి వైపు నీడగా ఉంటుంది.' ఈ మూడు వాక్యాలలో కారణం ఉంది, వదులుకున్నదేమిటో ఉంది, దాన్ని ఎలా సర్దుకున్నావో ఉంది. చదివేవారు నీతో వాదించాలనుకున్నా వాదించడానికి వీలు దొరుకుతుంది. పెద్ద ఆఫీసులలో పోర్ట్‌ఫోలియో చూసేవారు కోరుకునేది అలాంటి చోటునే.

ముంగిలి పెట్టమన్న సూచనను నువ్వు స్వీకరించలేదు. అందుకు మొహమాటపడి ఆ సంగతే లేనట్టు వదిలేశావు. ఆ సూచన వెనుక ఉన్న ఇబ్బంది ఏమిటంటే, హాలు లోతు ఎక్కువైతే ఉత్తరపు వెలుతురు లోపలి బల్లల దాకా చేరదు. నువ్వు హాలు లోతును తగ్గించి ఆ ఇబ్బందిని తీర్చావు, పెరడులోని వేపచెట్టునూ నిలుపుకున్నావు. సూచనను కాదన్నా అందులోని ప్రశ్నకు జవాబు చెప్పావన్న మాట. రెండు వాక్యాలలో దాన్ని రాస్తే చాలు, పెద్ద పేజీ అక్కర్లేదు.

ర్యాంపు సంగతి మాత్రం వేరు. మొదటి ప్లాన్‌లో ప్లింత్, అంటే భవనం నిలిచే అరుగు, నేల నుంచి 900 మిల్లీమీటర్ల ఎత్తు. ఒకటికి పన్నెండు వాలుతో ర్యాంపు వేస్తే 10.8 మీటర్ల పొడవు, నడుమ విశ్రమించే తలం అదనం. ఆ పొడవు ముందరి వరండాను మింగేస్తుందని జ్యూరీలో చెప్పగానే నువ్వు ప్లింత్‌ను 450కి దించావు, ర్యాంపు 5.4 మీటర్లకు తగ్గింది. లెక్క సరిగ్గానే ఉంది. కాని మొదట 900 ఎందుకు పెట్టావు? వానాకాలంలో రోడ్డు నీళ్ళు లోపలికి వస్తాయని నీ స్థల పరిశీలనలో నువ్వే రాశావు. నీళ్ళు ఎంత ఎత్తుకు వస్తాయో ఎక్కడా కొలవలేదు. ఆ కొలత లేకుండా 450ని నిర్ణయంగా చూపించడం సరికాదు. ఇంటర్వ్యూలో ఎవరైనా ఒక్క ప్రశ్న వేస్తే అది నిలబడదు. వెళ్ళి పక్క దుకాణాల వారిని అడుగు, గోడల మీద మిగిలిన నీటి మరకను టేపుతో కొలిచి ఫోటో తియ్యి. మరక 450కి దిగువనే ఉంటే ఆ ఫోటోయే నీ పేజీ. పైన ఉంటే 900కి తిరిగి వెళ్ళి, వరండాకు పక్కగా ర్యాంపును మలుపు తిప్పడం గురించి ఆలోచించాలి.

ఇంకొక ప్రమాదం గురించి చెప్పాలి. జ్యూరీ అయిపోయిన తరువాత గీసిన సూర్యకోణాల బొమ్మను, మొదటి నుంచే ఆ ఆలోచనతో నడిచినట్టుగా ప్రాజెక్టు ప్రారంభంలో పెట్టాలన్న ఆశ కలుగుతుంది. అలా చేయకు. ప్రతి స్కెచ్ కింద తేదీ వెయ్యి. ప్రశ్న వచ్చాక మారిన డిజైన్ తక్కువదేమీ కాదు. పైగా వరుస మార్చి చెప్పిన కథలో ఎక్కడో ఒక బొమ్మ ఎదురు సాక్ష్యం చెబుతుంది. నీ చివరి రెండర్‌నే చూడు: పఠన మందిరంలో బల్లల మీద సాయంకాలపు నారింజ రంగు ఎండ పొడుగ్గా పరుచుకుని ఉంది. ఏ ఎండను తప్పించడానికి హాలునే తిప్పావో ఆ ఎండే నీ బొమ్మలో ఉంది. సాఫ్ట్‌వేర్‌లో సూర్యుణ్ణి అందం కోసం చేతితో జరిపావని చూసేవారికి వెంటనే తెలుస్తుంది, దానితో వెనుక పేజీలలోని సెక్షన్‌లను కూడా అనుమానిస్తారు. స్థలాన్ని ఖమ్మంగా, తేదీని ఏప్రిల్ నడుమకు, సమయాన్ని నాలుగున్నరకు పెట్టి మళ్ళీ రెండర్ చెయ్యి. ఎండ లేకుండా, సమంగా పరుచుకున్న వెలుతురులో ఆ గది ఎలా ఉంటుందో చూపిస్తేనే ఆ బొమ్మ నీ నిర్ణయానికి సాక్ష్యమవుతుంది. దాని స్థానం ప్రాజెక్టు చివరి పేజీలో, సెక్షన్‌లు చదివిన తరువాత.

కాగితం పరిమాణం సంగతి చిన్నదే అయినా నీ పేజీలను బాగా దెబ్బతీసింది. జ్యూరీ షీట్లు ఏ1, పోర్ట్‌ఫోలియో ఏ3. పొడవు, వెడల్పు రెండూ సగమవుతాయి కాబట్టి ఏ1 మీద 1:100 అని రాసిన ప్లాన్ ఏ3 మీద 1:200 అవుతుంది, పక్కన రాసిన అంకె అబద్ధమవుతుంది. ఎనిమిది పాయింట్ల అక్షరం నాలుగుకు దిగి చదవడానికి వీలుకాదు. అంకె తీసేసి గీతల స్కేలు పెట్టు, అది బొమ్మతోపాటే కుదించుకుంటుంది. ఫర్నిచర్ గుర్తులు, టైల్స్ గీతలు, చెట్ల ఆకులు చాలావరకు తొలగించి, ఆ పేజీ ఏ నిర్ణయం గురించో దానికి సంబంధించిన గోడలకు మాత్రమే ఒక రంగు వెయ్యి. పాత ప్లాన్, కొత్త ప్లాన్ రెండింటిలోనూ ఉత్తరం ఒకే వైపు ఉండాలి. ఇప్పుడు నీ పేజీలో ఒకటి తిరిగి ఉంది, అందుకే ఏది మారిందో తెలుసుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

అలాగని స్టూడియోలో గీసిన ప్రతి కాగితాన్నీ పెట్టవద్దు. ఈ ప్రాజెక్టులో చెప్పదగిన నిర్ణయం ఒకటే ఉంది, హాలు దిశ. ర్యాంపు కొలత తేలితే రెండవది అవుతుంది. పేజీలు సిద్ధమయ్యాక, ఈ ప్రాజెక్టు గురించి ఏమీ తెలియని ఒకరికి రెండవ పేజీని ఇచ్చి, నువ్వు మాట్లాడకుండా కూర్చో. 'ఏ పద్ధతిని వదులుకున్నాను, ఎందుకు?' అని అడుగు. వారు బొమ్మ బాగుందని మాత్రమే చెబితే వ్యాఖ్యలను మళ్ళీ రాయాలి. నీడ చాలక చజ్జానూ, చూపు అడ్డుపడి పలకలనూ వదిలావని వారి మాటల్లో చెప్పగలిగితే ఆ పేజీని ఇక కదిలించకు.

నీటి మరక కొలత దొరికాక దాని ఫోటోతోపాటు ఆ మూడు సెక్షన్‌ల పేజీని ముందుగా నాకు పంపు. మిగతా పేజీల అమరిక గురించి దాన్ని చూసిన తరువాత రాస్తాను.

నీ శ్రేయోభిలాషి