పార్లర్‌కి కొత్తవాళ్లను తెచ్చినవాళ్లకు ఏమివ్వాలి?

గుంటూరు బ్రాడీపేటలో చిన్న లేడీస్ పార్లర్ నడుపుతున్నాను. పాత కస్టమర్లు ఎవరినైనా పంపితే ఇద్దరికీ ఏదైనా ఇవ్వాలనుంది. నష్టం రాకుండా ఎలా?

పంపినవాళ్లకు డబ్బు తగ్గించకండి, ఒక చిన్న సర్వీసు ఉచితంగా చేయండి. కొత్తగా వచ్చినవాళ్లకు మాత్రం బిల్లులో తగ్గించండి, ఎందుకంటే వాళ్లకు మీ పని ఇంకా తెలియదు.

ఉదాహరణకు, పాత కస్టమర్ ఒకావిడ పక్కింటి అమ్మాయిని పంపారనుకుందాం. ఆ అమ్మాయి 600 రూపాయల ఫేషియల్ చేయించుకుంటే 500 తీసుకోండి. పంపినావిడకు ఈసారి ఐబ్రోస్ ఉచితం. దాని ధర 50 అయినా, మీకయ్యేది కాస్త దారం, పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు కూడా ఖాళీగా ఉండే వేళలోనే పెట్టండి: బుధ, గురువారాల్లో మధ్యాహ్నం. పెళ్లిళ్ల సీజన్‌లో, ఆదివారాల్లో వద్దని ముందే చెప్పండి.

కొత్త అమ్మాయి బిల్లు కట్టాకే పాతావిడకు బహుమతి రాయండి. పేరు చెప్పగానే ఇచ్చేస్తే పేర్లే వస్తాయి, మనుషులు రారు. నోట్‌బుక్‌లో ఫోన్ నంబర్, ఎవరు పంపారు, తేదీ, ఈ మూడూ చాలు. నంబర్ పాత పేజీల్లో కనిపిస్తే ఆవిడ కొత్త కస్టమర్ కాదు. నా దగ్గర ఒకే ఇంటి అక్కచెల్లెళ్లు ఒకరి పేరు ఒకరు చెప్పి రెండుసార్లు తగ్గింపు తీసుకున్నాకే నంబర్ చూడటం మొదలుపెట్టాను.

బహుమతి వచ్చిందని పాతావిడకు అదే రోజు వాట్సాప్‌లో చెప్పండి. చాలామంది ఇక్కడే మరిచిపోతారు, అడగడానికి ఆవిడ మొహమాటపడతారు, ఇంకెవరినీ పంపరు.

రెండు నెలల తర్వాత, అలా వచ్చినవాళ్లలో ఎందరు పూర్తి ధరకు మళ్లీ వచ్చారో లెక్కపెట్టండి. పదిమందిలో ఒకరిద్దరే వస్తే తగ్గింపు పెంచకండి, పనిలో లోపం ఎక్కడుందో చూడండి.