ఇంగ్లిష్ వ్యాసంలో వాదనకు, పేరాలకు మార్కులు ఎట్లా వేయాలి?

ప్రశ్న: నల్గొండలో డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు ఇంగ్లిష్ చెప్తున్నాను. చేతిరాత వ్యాసాలు దిద్దేటప్పుడు స్పెల్లింగ్, గ్రామర్ తప్పులకు ఎర్ర గీతలు పెట్టడంతోనే సరిపోతుంది. తప్పులు పెద్దగా లేకున్నా కొన్ని వ్యాసాలు తేలిపోతాయి. వాటికి ఎక్కడ మార్కులు తీయాలో, పిల్లలకు ఏమని చెప్పాలో తెలుస్తలేదు. పేరాలు, పొందిక, వాదన మీరెట్లా దిద్దుతారు?

జవాబు:

మొదటిసారి చదివేటప్పుడు ఎర్ర పెన్ను పక్కన పెట్టి పెన్సిల్ పట్టుకోండి. స్పెల్లింగ్ దిద్దడం మొదలుపెడితే కన్ను ఒక్కో పదం దగ్గర ఆగిపోతుంది, పేరాకూ పేరాకూ మధ్య ఏం జరుగుతుందో కనబడదు. ఒక పేరా చదవంగనే అది ఏం చెప్పిందో మార్జిన్‌లో నాలుగైదు మాటల్లో రాయండి, తెలుగులో రాసినా పర్వాలేదు. పిల్లవాడు ఏం చెప్పాలనుకున్నాడో ఊహించి రాయొద్దు, కాగితం మీద ఉన్నదే రాయండి. తర్వాత వ్యాసం వదిలేసి ఆ మార్జిన్ మాటలు మాత్రం పైనుంచి కిందికి చదవండి. అసలు దిద్దుడు అక్కడ మొదలవుతుంది.

మన జిల్లా విషయమే తీసుకుందాం. ప్రశ్న ఇది: ‘మిషన్ భగీరథ నీళ్లతో నల్గొండ ఫ్లోరైడ్ సమస్య తీరిపోయింది. ఒప్పుకుంటారా?’ అయిదు పేరాల జవాబు వచ్చిందనుకోండి. ఇంగ్లిష్ బాగానే ఉంది. మార్జిన్‌లో మీ మాటలు ఇట్లా తేలాయి. ఒకటో పేరా: నీరే ప్రాణాధారం, నల్గొండలో ఫ్లోరైడ్ ఉంది. రెండు: గ్రానైట్ రాళ్ల నుంచి బోరు నీళ్లలోకి ఫ్లోరైడ్, పళ్ల మీద మచ్చలు, వంకరపోయే ఎముకలు, భగీరథ నల్లా. మూడు: పటిక, సున్నం వేసి నీళ్లు తేర్చే నల్గొండ పద్ధతి. నాలుగు: వంగిన ఎముకలు నల్లా నీళ్లతో బాగుకావు, కొందరు ఇంకా బోరు నీళ్లే తాగుతున్నారు. అయిదు: సమస్య తీరింది, అందరం నీళ్లు పొదుపు చేయాలె.

అడిగిందానికి జవాబు నాలుగో పేరాలో తప్ప ఎక్కడా లేదు. అయిదోది దాన్ని కొట్టేసింది. ఇది ఎందుకు జరిగిందో చూస్తే లోపం ఇంకా లోతుగా ఉంది. మొదటి పేరాల్లో ‘సమస్య’ అంటే నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్. నాలుగో పేరాకు వచ్చేసరికి మనుషుల ఒంట్లో ఉన్న జబ్బు. పేరు ఒకటే ఉంది కాబట్టి రాసినవాడికి తేడా తెలియలేదు, చదివేవాళ్లకు మాత్రం ఒకసారి తీరినట్టు, ఒకసారి తీరనట్టు అనిపిస్తుంది. ‘తాగునీటి సమస్య చాలావరకు తగ్గింది, జబ్బుపడ్డవాళ్ల సమస్య మిగిలే ఉంది’ అని మొదటి పేరాలోనే విడదీసి చెప్తే ఇవే విషయాలతో గట్టి వాదన నిలబడుతుంది. వాదన తప్పినచోట ముందు ఇట్లాంటి జారుడు మాట కోసం వెతకండి. ‘అభివృద్ధి’, ‘స్వేచ్ఛ’, ‘టెక్నాలజీ’ లాంటి వాటితో కూడా పిల్లలు ఇట్లనే జారుతారు.

మూడో పేరాను చూడంగనే ‘అనవసరం’ అని కొట్టేయబుద్ధి అవుతుంది. వద్దు. నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపి, తేరినాక పైనీళ్లు తీసుకోవాలి. నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉందో దాన్నిబట్టి పటిక మోతాదు మారుతుంది, ఇంట్లో అయితే ప్రతిసారీ చేసుకోవాల్సిందే. ‘అందుకే నదినీళ్లు నల్లాలో రావడం మేలైంది’ అన్న ఒక్క వాక్యం చివర ఉంటే ఆ పేరా వాదనలో భాగమయ్యేది. సమాచారం ఉంది, దాన్ని వాదనకు కట్టే ముడి లేదు. మార్జిన్‌లో ‘అయితే ఏంటి?’ అని రాస్తే చాలు, పిల్లవాడికి అర్థమవుతుంది.

ఒకే లోపానికి మూడుచోట్ల మార్కులు కోయడం మనం తరచుగా చేసే అన్యాయం. దాన్ని తప్పించుకోవడానికి ‘ఏం చేస్తే ఇది బాగవుతుంది?’ అని మిమ్మల్ని మీరే అడగండి. ఉన్న వాక్యాలను అట్లనే ఉంచి విడగొడితేనో, కలిపితేనో బాగయ్యేది పేరా లోపం. ఒక వాక్యమో, ఒక జోడింపు మాటో మార్చితే బాగయ్యేది పొందిక లోపం. చెప్పే విషయమే మార్చాలంటే వాదన లోపం. రెండో పేరాలో కారణం, లక్షణాలు, పరిష్కారం మూడూ కుక్కినందుకు పేరాల కింద మాత్రమే తీయాలి. మూడో పేరా ముడి పొందిక కిందికి పోతుంది. అయిదో పేరా వాదన కిందికి.

పొందికలో ఇంకో రెండు చూడండి. ‘దిస్’, ‘ఇట్’ అని మొదలైన ప్రతి వాక్యం దగ్గర ఆగి, అది దేని గురించో పై వాక్యంలో వేలు పెట్టి చూపించగలరా చూడండి. రెండు వస్తువుల మీద వేలు పడుతుందంటే అక్కడ తెగింది. రెండోది జోడింపు మాటలు. ‘మోరోవర్’ కనబడంగనే పొందిక ఉందనుకోవద్దు. ఈ వ్యాసంలో నాలుగో పేరా దానితోనే మొదలైందనుకోండి, వచ్చేది మాత్రం ఎదురు విషయం. అక్కడ ‘హవెవర్’ రావాలి. గైడ్లలో కంఠస్థం చేసిన ఈ మాటలు కొందరికి ప్రతి పేరా ముందూ పెట్టడం అలవాటు. మాట తీసేసి చదివి చూడండి, అర్థం ఏమీ మారకపోతే దానికి మార్కు అక్కరలేదు.

చేతిరాతతో వచ్చే చిక్కులు వేరు. కొందరు పేరా మొదట్లో జాగా వదలరు, పై పేరా చివరి వరుస సగంలో ఆగితేనే కొత్తది మొదలైందని తెలుస్తుంది. ఆ వరుస చివరిదాకా నిండితే రెండు పేరాలు ఒకటిగా కనబడతాయి. విషయం అక్కడ స్పష్టంగా మారితే పేరా ఉన్నట్టే లెక్కపెట్టి, ‘జాగా వదులు’ అని రాస్తే చాలు. పేజీ తిప్పేచోటు తప్పకుండా చూడండి. వెనక పేజీ కంటికి కనబడదు కాబట్టి అక్కడ వాక్యం మళ్లీ మొదటికి రావడమో, చెప్పిందే చెప్పడమో ఎక్కువ. ఇక ముత్యాల్లాంటి అక్షరాలు మనకు తెలియకుండానే ఒకటి రెండు మార్కులు లాక్కుంటాయి. అందమైన రాత కట్టనూ, గజిబిజి రాత కట్టనూ విడివిడిగా దిద్దకండి, కలిపేయండి. పేరున్న పేజీ మడిచిపెట్టండి. కట్ట అయిపోయాక మొదటి నాలుగైదు పేపర్లు మళ్లీ తీసి చూడండి, మొదట్లో మన చెయ్యి గట్టిగానో వదులుగానో ఉంటుంది.

మార్కుల విషయానికొస్తే 20కి నేనైతే వాదనకు 8, పొందికకు 5, పేరాలకు 3, భాషకు 4 పెడతాను. పై వ్యాసానికి వాదనలో 3: నాలుగో పేరాలో నిజమైన కారణాలున్నాయి, ముగింపు వాటిని కాదంది. పొందికలో 2, పేరాల్లో 2, భాషలో 3. మొత్తం 10. భాష ఒక్కటే చూసి దిద్దితే ఇదే పేపరుకు 14, 15 పడిపోయేవి. సెమిస్టర్ పరీక్షకు యూనివర్సిటీ స్కీమ్ ఏదుంటే అదే పాటించాలి, ఈ విభజన క్లాసు పేపర్లకు మాత్రమే.

వ్యాసం కింద రెండు మాటలకు మించి రాయొద్దు. ఇక్కడైతే ఇవి: ‘సమస్య అంటే నీళ్లా, జబ్బా? మొదటి పేరాలో తేల్చు. నీ నాలుగో పేరాకు, అయిదో పేరాకు పడటం లేదు.’ తర్వాత వ్యాసం మొత్తం తిరగరాయమనకండి. చాలామంది అక్షరాలు శుభ్రం చేసి అదే దించుతారు. మొదటి పేరా, చివరి పేరా మాత్రం వేరే కాగితం మీద రాసి పాతదానికి పిన్ను కొట్టి ఇమ్మనండి. స్పెల్లింగులు ఆ రెండో విడతలో, ఆ రెండు పేరాల్లోనే దిద్దండి. మిగతావి కొత్త రాతలో ఉంటాయో పోతాయో ఇంకా తేలలేదు.