మోకాలి ఆపరేషన్‌కి ముందు మెడ వంచి ఎక్స్‌రే ఎందుకు?

ప్రశ్న: అమ్మకి 18 ఏళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం. మోకాలి మార్పిడి ఆపరేషన్ చేస్తామన్నారు. ఇప్పుడు మత్తు డాక్టరు గారు మెడ ముందుకు వంచి ఒక ఎక్స్‌రే, వెనక్కి వంచి ఒక ఎక్స్‌రే తీయించుకు రమ్మంటున్నారు. ఆపరేషన్ మోకాలికి కదా, మెడతో పనేమిటి? అమ్మకి మెడ నొప్పి కూడా లేదు. తీయించకపోతే నష్టమా?

జవాబు:

తీయించండి. నేనూ మత్తు డాక్టరునే. చాలా ఏళ్లుగా రుమటాయిడ్ ఉన్నవాళ్లు ఏ ఆపరేషన్‌కి వచ్చినా ఇదే ఎక్స్‌రే అడుగుతాను. మెడ నొప్పి లేదన్నంత మాత్రాన మానుకోను. కారణం అర్థం కావాలంటే తల మెడ మీద ఎలా నిలబడుతుందో కాస్త తెలియాలి.

మెడలో 7 వెన్నుపూసలుంటాయి. పై రెండూ మిగతావాటిలా ఉండవు. మొదటిది అట్లాస్. మిగతా పూసలకి ముందువైపు ఉండే ఎముక దిమ్మ దీనికి లేదు, ఇది ఒట్టి ఉంగరం. దాని రెండు పక్కలా ఉన్న పల్లాల్లో పుర్రె అడుగుభాగం కూర్చుంటుంది. అవునని తల ఊపినప్పుడు ఎక్కువగా కదిలేది ఆ కీళ్లే. రెండో పూస ఆక్సిస్. దాని మీదనుంచి ఒక ఎముక నిటారుగా లేచి అట్లాస్ ఉంగరంలోకి, ముందువైపు గోడకి ఆనుకుని నిలుస్తుంది. అదే ఓడొంటాయిడ్ ప్రాసెస్. ఆసుపత్రిలో మేమంతా డెన్స్ అంటాం. పిండదశలో అట్లాస్‌కి రావాల్సిన దిమ్మే ఆక్సిస్‌కి అతుక్కుని ఇలా తయారవుతుంది. తిరగలి పై రాయి నడిమి కొయ్య చుట్టూ తిరిగినట్టు, పుర్రెను మోస్తున్న అట్లాస్ ఈ డెన్స్ చుట్టూ తిరుగుతుంది. తల పక్కకి తిప్పడంలో దాదాపు సగం ఈ ఒక్క చోటే జరుగుతుంది.

అంతగా తిరగడానికి వీలుగా ఇక్కడ డిస్కులు లేవు. ఎముకలు కూడా ఒకదానిలో ఒకటి లోతుగా దిగి బిగుసుకోవు. కాబట్టి తల జారిపోకుండా పట్టి ఉంచే భారమంతా లిగమెంట్లదే. అందులో ముఖ్యమైనది ట్రాన్స్‌వర్స్ లిగమెంట్. అట్లాస్ లోపలి గోడకి ఈ పక్కనుంచి ఆ పక్కకి, డెన్స్ వెనకగా బిగించిన గట్టి పట్టీ అది. డెన్స్‌ని ఉంగరం ముందు గోడకి అదిమి ఉంచుతుంది, పెద్దగా సాగదు. డెన్స్ తల నుంచి పుర్రె అడుగుకి రెండు పక్కలా ఏటవాలుగా వెళ్లే ఆలార్ లిగమెంట్లు తల మరీ ఎక్కువగా తిరగకుండా ఆపుతాయి. ట్రాన్స్‌వర్స్ లిగమెంట్ తెగితే ఆ భారం వీటి మీద పడుతుంది కానీ ఇవి సాగుతాయి, ఎక్కువ కాలం మోయలేవు.

ఇప్పుడు రుమటాయిడ్ సంగతి. అది దాడి చేసేది కీళ్ల లోపలి పొరని, అంటే సైనోవియల్ పొరని. డెన్స్‌కి ముందువైపు, అట్లాస్‌ని ఆనుకునే చోట అలాంటి పొర ఉంది. వెనకవైపు, ట్రాన్స్‌వర్స్ లిగమెంట్‌ని రాసుకునే చోట కూడా ఉంది. వేళ్ల కణుపుల్లో వాచినట్టే ఆ పొర ఇక్కడా వాచి, పానస్ అనే మెత్తటి కణజాలంగా పెరుగుతుంది. అది డెన్స్‌ని కొరుకుతుంది, లిగమెంట్‌ని వదులు చేస్తుంది. లిగమెంట్ వదులైతే, గడ్డం ఛాతీవైపు వంచినప్పుడు పుర్రె, అట్లాస్ కలిసి ముందుకు జారతాయి. డెన్స్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాని వెనకే వెన్నుపాము ఉంది. అట్లాస్ వెనక గోడ ముందుకు వచ్చిన కొద్దీ, ఆ గోడకీ డెన్స్‌కీ మధ్య వెన్నుపాముకున్న చోటు తగ్గిపోతుంది.

ఎంత చోటుంది అంటే, అట్లాస్ ఉంగరం లోపల ముందు నుంచి వెనకకి సుమారు 3 సెంటీమీటర్లు. అందులో మూడో వంతు డెన్స్, మూడో వంతు వెన్నుపాము, మిగతా మూడో వంతు ఖాళీ. దీన్ని స్టీల్ సూత్రం అంటారు. ఆ ఖాళీ మూడో వంతే మనిషిని కాపాడుతుంది. కొంత జారినా నొప్పి, నరాల లక్షణాలు ఏవీ లేకుండా రోజులు గడిచిపోవడానికి కారణం అదే. మీ అమ్మగారికి మెడ నొప్పి లేకపోవడం మంచిదే, కానీ లిగమెంట్ గట్టిగా ఉందనడానికి అది రుజువు కాదు. మెలకువగా ఉన్నంతసేపు మెడ కండరాలు కూడా బిగుసుకుని తలను కాపాడతాయి. మత్తిచ్చి కండరాలు సడలించాక ఆ కాపలా ఉండదు. అప్పుడు గొంతులోకి గొట్టం వేయడానికి తల కదిపేది మేం. తల కింద దిండు ఎత్తు ఎక్కువైనా మెడ వంగిపోతుంది.

నడుముకి ఇంజెక్షన్ ఇచ్చి కాళ్లకి మాత్రమే మత్తు చేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. చాలామందికి అదే చేస్తాం, మంచి దారే. అయితే ఆ ఇంజెక్షన్‌కి ముందు వీపు గుండ్రంగా వంచి, గడ్డం ఛాతీకి ఆనించమంటాం. వదులైన మెడకి అన్నిటికన్నా చెడ్డ భంగిమ అదే. ముందే తెలిస్తే మెడ నిటారుగా ఉంచి నడుము మాత్రమే వంచమంటాం. పైగా ఆ మత్తు సరిగా పట్టకపోయినా, ఆపరేషన్ మధ్యలో చాలకపోయినా పూర్తి మత్తుకి మారాల్సి వస్తుంది. మెడ గురించి తెలుసుకోవడానికి అది సమయం కాదు.

నేను చూసిన ఒకావిడ సంగతి చెబుతాను. వయసు 60కి దగ్గర, చాలా ఏళ్ల రుమటాయిడ్, మోకాలి మార్పిడికే వచ్చారు. మెడ నొప్పి లేదన్నారు. పక్కనుంచి మామూలుగా తీసిన ఎక్స్‌రేలో అట్లాస్ ముందు గోడకీ డెన్స్‌కీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు. పెద్దవాళ్లలో 3 దాకా మామూలే. అక్కడితో ఆగి ఉంటే మెడ బాగుందని రాసేసేవాళ్లం. ముందుకు వంచి తీసినదాంట్లో ఆ సందు 8 అయింది. వెనక్కి వంచితే 2కి తగ్గింది. వంచితే తెరుచుకుని, ఎత్తితే మూసుకుంటోందంటే లిగమెంట్ పట్టు వదిలిందన్నమాట.

ఇక్కడ చాలామంది చూడని కొలత ఇంకొకటుంది. ముందు సందు కన్నా, డెన్స్ వెనక నుంచి అట్లాస్ వెనక గోడ దాకా ఉన్న దూరం ముఖ్యం, ఎందుకంటే వెన్నుపాము ఉండేది అక్కడే. ఆవిడ ఉంగరం లోపలి కొలత 31 మిల్లీమీటర్లు, డెన్స్ 11. తల నిటారుగా ఉన్నప్పుడు వెనక మిగిలేది 17. వంచితే 31లోంచి 8, 11 పోగా మిగిలేది 12. ఈ దూరం 14 లేదా అంతకన్నా తక్కువ ఉంటే వెన్నుపాముకి ప్రమాదమని లెక్క. ఆ 12 కూడా ఎముక నుంచి ఎముకకి ఉన్న దూరమే. పానస్ ఎక్స్‌రేలో కనబడదు. ఎంఆర్‌ఐ తీయిస్తే డెన్స్ వెనక 4 మిల్లీమీటర్ల మందాన పానస్ ఉంది. అంటే వంచినప్పుడు మిగిలేది 8, వెన్నుపాముకి కావలసింది సుమారు 10. ఎంఆర్‌ఐ మాత్రం వెల్లకిలా, తల నిటారుగా పడుకోబెట్టి తీసింది కాబట్టి అందులో వెన్నుపాము చుట్టూ చోటు కనిపించింది. రెండూ కలిపి చూస్తేనే విషయం తెలిసింది.

మళ్లీ కూర్చోబెట్టి నిదానంగా అడిగాం. బొత్తాలు పెట్టుకోవడం కొన్ని నెలలుగా కష్టమవుతోందట, వేళ్లు వంకరపోయాయి కదా, అందుకే అనుకున్నారట. నడక తడబడడం మోకాళ్ల మీదికి నెట్టేశారు. మెడ వంచితే వీపు మీదుగా కరెంటు పాకినట్టు ఎప్పుడైనా అవుతుందా అంటే, అవుతుంది గానీ చెప్పేంత విషయం అనుకోలేదన్నారు. రిఫ్లెక్సులు చూస్తే చేతుల్లో, కాళ్లలో మామూలు కన్నా చురుగ్గా ఉన్నాయి. కీళ్లే అరిగి ఉంటే అలా ఉండవు, వెన్నుపాము మీద ఒత్తిడి ఉంటే ఉంటాయి.

మోకాలి ఆపరేషన్ ఆపాం. వెన్నెముక సర్జన్ అట్లాస్‌నీ ఆక్సిస్‌నీ స్క్రూలు, రాడ్లతో కలిపి బిగించారు. ఆ ఆపరేషన్‌కి మత్తు ఇచ్చింది నేనే. మెడ కదపకుండా, ఆవిడ మెలకువగా ఉండగానే గొంతు మొద్దుబార్చి, సన్నటి కెమెరా గొట్టం సాయంతో ట్యూబు వేశాం. ఆ తర్వాత చేతులూ కాళ్లూ కదిలించమని చూసుకుని, అప్పుడు నిద్రపుచ్చాం. బిగించడం వల్ల తల తిప్పడం దాదాపు సగం తగ్గింది, పక్కకి చూడాలంటే భుజాలతో సహా తిరుగుతారు. ఈ నష్టం ముందే చెప్పి ఒప్పించాల్సినదే. నడకలో తడబాటు తగ్గింది, వేళ్ల పని మాత్రం పూర్తిగా రాలేదు. ఎక్కువకాలం నలిగిన వెన్నుపాము అన్నీ తిరిగి ఇవ్వదు. మోకాలు తర్వాత, నడుముకి మత్తిచ్చి, మెడ నిటారుగా ఉంచి చేశారు.

మీ అమ్మగారి రిపోర్టు వచ్చాక సందు పాత ఎక్స్‌రేలో కన్నా తక్కువుందని కనిపిస్తే వెంటనే సంతోషించకండి. రుమటాయిడ్ పక్క కీళ్లని కూడా తినేస్తే పుర్రె, అట్లాస్ కిందికి దిగిపోతాయి, డెన్స్ పుర్రె అడుగు రంధ్రంలోకి ఎక్కుతుంది. అప్పుడు అట్లాస్ ముందు గోడ డెన్స్ అడుగున, లావుగా ఉన్న భాగం దగ్గరికి వచ్చి సందు తగ్గినట్టు కనిపిస్తుంది. నిజానికి జబ్బు ముదిరింది. అందుకే డెన్స్ కొన ఎంత ఎత్తులో ఉందో కూడా చూశారా అని అడగండి.

ఎక్స్‌రే గదిలో అమ్మగారు మెలకువగా, తనంతట తానే, ఇబ్బంది లేనంత వరకే మెడ వంచాలి. వేరే ఎవరూ తల పట్టి నొక్కకూడదు. కరెంటులా పాకినా, చేతులు తిమ్మిరెక్కినా అక్కడే ఆగిపోయి చెప్పమనండి. వంచింది మరీ కొంచెమే అయితే సందు బయటపడదు, ఆ సంగతి రిపోర్టులో రాయించండి. బొత్తాల సంగతి, నడక సంగతి, తల వెనక భాగంలో నొప్పి, మూత్రం ఆపుకోలేకపోవడం లాంటివి ఉన్నాయేమో ఇప్పుడే అడిగి తెలుసుకోండి. ఉంటే ఎక్స్‌రే దాకా ఆగకుండా ముందు ఆ మత్తు డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పండి. ఫలితం తెలిసే దాకా మెడ వ్యాయామాలు, మెడ విరిపించుకోవడం, మెడకి గట్టి మాలిష్ ఏవీ వద్దు.