ఫ్లాష్ ఫిల్ కొన్ని వరుసల్లో మాత్రమే తప్పు లాగుతోంది

ప్రశ్న: ఎక్సెల్‌లో ఒకే గడిలో రాసిన వివరాల్లోంచి నాకు కావాల్సిన అంకెను ఫ్లాష్ ఫిల్‌తో, అంటే Ctrl+E కొట్టి వేరే కాలమ్‌లోకి తెచ్చుకుంటున్నాను. పైన పది వరుసలు చూస్తే అన్నీ కరెక్టే. కిందికి పోతే కొన్నిచోట్ల వేరే అంకె వచ్చింది. ఫార్ములా రాసుకోవడమే మంచిదా?

జవాబు: కావలి దగ్గర రొయ్యలు కొనే ఒక ఏజెంటు దగ్గర నేను లెక్కలు రాసేవాణ్ణి. కాటా దగ్గర కుర్రాళ్లు ఊరు, కౌంట్, బరువు ఒకే గడిలో కొట్టి పంపేవాళ్లు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. అంకె చిన్నదైతే రొయ్య పెద్దది, రేటూ ఎక్కువ.

```
Thummalapenta-40-612.5
Isakapalli-60-40-480.5
```

మొదటి వరుస మామూలుది. రెండో దాంట్లో 60 కౌంట్ కాదు, గుంట నంబరు. ఒకే రైతుకి రెండు మూడు గుంటలుంటే అట్లా మధ్యలో ఇరికించేవాళ్లు. నేను మొదటి వరుస పక్కన 40 అని కొట్టి Ctrl+E నొక్కాను. క్షణంలో 412 వరుసలు నిండాయి. పైన స్క్రీనుకి పట్టిన వరకు చూసి, రేటు కట్టి బిల్లులు పంపించేశాను.

మూడోరోజు ఇసకపల్లి రైతు ఒకాయన వచ్చి, "అబ్బాయ్, నా సరుకు 40 కౌంట్ అయితే 60 రేటు కట్టావేంది?" అన్నాడు. ఎక్కువ డబ్బు పడినవాళ్లు మాత్రం ఒక్కరూ రాలేదు లెండి.

ఫ్లాష్ ఫిల్‌కి కౌంట్ అంటే ఏంటో తెలియదు. మీరిచ్చిన నమూనాకి సరిపోయే ఏదో ఒక నియమాన్ని అది ఊహించుకుంటుంది. నేనిచ్చిన 40కి "మొదటి అడ్డగీత తర్వాతది" అన్నా సరిపోతుంది, "చివరి నుంచి రెండోది" అన్నా సరిపోతుంది. మూడు ముక్కల వరుసలో రెండూ ఒకటే. నాలుగు ముక్కలు వచ్చినచోటే దారులు విడిపోతాయి. అది ఏ దారి పట్టిందో మనకి చూపించదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. 60 అనేది నమ్మదగ్గ కౌంటే కాబట్టి కంటికీ ఆనలేదు. అదే గుంట నంబరు 2 అయ్యుంటే అప్పుడే దొరికిపోయేది.

తేడా వరుసను కూడా నమూనాగా ఇస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. ఫిల్ అయిన వెంటనే తప్పు గడిని సరిచేస్తే మిగతావీ మార్చుకుంటుంది. కానీ ఆ తేడా వరుస ఎక్కడుందో మీకు ముందే తెలియాలి కదా. 412 వరుసల్లో వెతకాలంటే ఇంక ఫ్లాష్ ఫిల్ ఎందుకు?

ఫార్ములాలో నియమం మనమే చెప్తాం. మా కుర్రాళ్లు ముందు ఏం ఇరికించినా, చివర్లో కౌంట్, బరువు అనే వరుస మారదు. అందుకని వెనక నుంచి లెక్కపెట్టాను. ఎక్సెల్ 365లో అయితే ఇది:

```
=VALUE(TEXTBEFORE(TEXTAFTER(A2,"-",-2),"-"))
```

ఆ -2 అంటే వెనక నుంచి రెండో అడ్డగీత. పాత ఎక్సెల్‌లో ఈ ఫంక్షన్లు ఉండవు, అప్పుడు ఇది:

```
=VALUE(TRIM(LEFT(RIGHT(SUBSTITUTE(A2,"-",REPT(" ",100)),200),100)))
```

అడ్డగీతల బదులు వంద ఖాళీలు పెట్టి, చివరి 200 అక్షరాల్లో మొదటి వంద తీసుకోవడమే ఇందులో కిటుకు. ఎవరైనా కౌంట్ మర్చిపోయి `Kavali-612.5` అని కొడితే రెండింట్లోనూ ఎర్రర్ వస్తుంది. నాకు కావాల్సింది అదే, తప్పు వరుస తనంతట తానే బయటపడుతుంది.

మీ షీటులో ఫ్లాష్ ఫిల్ ఇప్పటికే కొట్టేశారు కాబట్టి దాన్ని చెరపొద్దు. అది B కాలమ్‌లో ఉంటే, పక్కన C లో ఫార్ములా పెట్టి, D లో `=B2<>C2` అని రాసి, TRUE వచ్చినవీ ఎర్రర్ వచ్చినవీ ఫిల్టర్ చేయండి. నాకు 29 వరుసలు తేలాయి, దాదాపు అన్నీ గుంట నంబరు ఉన్నవే.

ఇంకో తిప్పలుంది. ఫ్లాష్ ఫిల్ ఇచ్చేది ఉత్త విలువ. కాటా వాళ్లు తర్వాత A కాలమ్‌లో 40ని 50గా దిద్దితే, పక్కన 40 అట్లాగే ఉంటుంది. రోజూ దిద్దుబాట్లు పడే షీటులో నేను ఇంక దాన్ని వాడను. ఒక్కసారి వాడి పక్కన పడేసే లిస్టు, అదీ అన్ని వరుసలూ ఒకే తీరుగా ఉంటే, ఇప్పటికీ Ctrl+E నే కొడతాను.

ఫార్ములాకీ ఒక బొక్క ఉంది. గుంట నంబరు రాసి బరువు మర్చిపోతే, అంటే `Isakapalli-60-40` అని ఉంటే, అదీ గమ్మున 60 ఇచ్చేస్తుంది. అందుకే బరువుకి విడిగా `=VALUE(TEXTAFTER(A2,"-",-1))` పెట్టి, ఆ కాలమ్ మొత్తాన్ని కాటా పుస్తకంలోని రోజు మొత్తంతో సరిచూస్తాను. అట్లాంటి వరుసలో బరువు 40 కిలోలని పడుతుంది కాబట్టి మొత్తం తక్కువొచ్చి దొరికిపోతుంది.